ఆన్‌లైన్ ట్యూషన్ డెమోకి కూర్చునే ముందు, పిల్లల నోట్‌బుక్‌లోంచి ఒక తప్పు లెక్క తీసి పెట్టుకోండి

మా పాప ఏడో క్లాస్, సీబీఎస్ఈ. ఈ ఏడాది దానికి మ్యాథ్స్ ట్యూషన్ కోసం మేము మూడు చోట్ల డెమో క్లాసులు తీసుకుని, పక్కపక్కన పెట్టి చూసి, ఒకదాంట్లో చేర్చాం. అంతకు ముందు మా బాబుకి ఇలాగే ఆన్‌లైన్‌లో చేర్చినప్పుడు ఒక్క డెమో చూసి, అందులో టీచర్ బాగా నచ్చి, ఆ రోజు రాత్రే రెండేళ్ల ప్యాకేజీ ఈఎంఐలో తీసేసుకున్నాం. డెమో చెప్పిన మేడమ్ మళ్లీ ఎప్పుడూ కనబడలేదు, ఆరు నెలల్లో ముగ్గురు టీచర్లు మారారు, వాడు లాగిన్ అవ్వడమే మానేశాడు, ఈఎంఐ మాత్రం చివరిదాకా కట్టాం. అందుకే ఈసారి ఎలా చూశామో వరసగా రాస్తున్నాను, మీకు పనికొస్తుంది.

ముందు నోట్‌బుక్ తీయండి, ఫోన్ కాదు

సైట్లు వెతకడం మొదలుపెట్టే ముందు పిల్లల క్లాస్‌వర్క్, హోంవర్క్ నోట్‌బుక్‌లు రెండు వారాలవి తీసుకుని ఒక గంట కూర్చోండి. ఎర్ర పెన్ను పడిన ప్రతి లెక్కా చూసి అది ఎందుకు తప్పయ్యిందో పక్కన పెన్సిల్‌తో రాయండి. కూడికలో తప్పా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, అసలు పద్ధతే అర్థం కాలేదా, లేక సగం చేసి వదిలేసిందా. మా పాపకి 14 తప్పులు ఉంటే వాటిలో 9 ఒకే రకం. సింపుల్ ఈక్వేషన్స్ లెక్కల్లో 3x = 12 అని ఉంటే అది x = 12 − 3 అని రాసి, x = 9 అని తేల్చింది. అన్ని చోట్లా అంతే. అడిగితే "అటు పక్కకి వెళ్తే గుర్తు మారుతుంది కదమ్మా" అంది. స్కూల్లో x + 3 = 12 లెక్కలప్పుడు "ప్లస్ అటు వెళ్తే మైనస్" అని నేర్చుకుంది, దాన్నే గుణకారానికి కూడా వాడేస్తోంది. అసలు రెండు పక్కలా ఒకే పని చేస్తున్నాం అన్నది దానికి ఎవరూ చూపించలేదు.

ఈ గంట పని ఎందుకంటే మీకు కావాల్సింది ఏంటో దీంతోనే తేలుతుంది. సగం చేసి వదిలేసినవే ఎక్కువుంటే పక్కన ఎవరో ఒకరు కూర్చుంటే చాలు, ట్యూషన్ అక్కర్లేకపోవచ్చు. కూడికలు తీసివేతల్లోనే తప్పులైతే రోజూ పది లెక్కలు ప్రాక్టీస్ సరిపోతుంది. మా పాపలాగా పద్ధతే తప్పు పట్టుకుంటే మాత్రం దాంతో మాట్లాడుతూ, ఎందుకు అలా చేశావని అడిగే మనిషి కావాలి. రికార్డెడ్ వీడియోలు దీన్ని సరిచేయలేవు, వీడియో చూసి తల ఊపి మళ్లీ 12 − 3 అనే రాస్తుంది, మేము చూశాం కూడా.

డబ్బు పెట్టే ముందు ఫ్రీవి ఒక వారం వాడి చూడండి. కేంద్ర ప్రభుత్వం దీక్షా పోర్టల్ ఉంది, diksha.gov.in, చాలా ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర ఉండే క్యూఆర్ కోడ్ దాని యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలే వస్తాయి. ఖాన్ అకాడమీ కూడా ఫ్రీనే, ప్రాక్టీస్‌కి బాగుంటుంది. ఇవి చూశాక కూడా అదే తప్పు వస్తుంటే అప్పుడు మనిషిని వెతకండి.

హోంవర్క్ యాప్‌లు వేరు, ట్యూషన్ వేరు

ఈ రెండిటినీ కలిపి పోల్చకండి. ఫోటో తీస్తే జవాబు చెప్పే యాప్‌లు ఉన్నాయి కదా, ఫోటోమ్యాథ్ లాంటివి స్టెప్పులు చూపిస్తాయి, బ్రెయిన్లీ లాంటి వాటిలో వేరే యూజర్లు రాసిన జవాబులుంటాయి కాబట్టి ఒకటి బాగుంటుంది ఇంకొకటి తప్పుగా ఉంటుంది. వీటిని పరీక్షించడం సులువే. మీ పిల్లల పుస్తకంలోంచే ఐదు లెక్కలు తీసుకోండి, వాటిలో రెండు వాక్యాల్లో ఉన్న లెక్కలు అయ్యేలా చూసుకోండి, ఒకదాని జవాబు పుస్తకం వెనక చూసుకుని పెట్టుకోండి. "ఒక సంఖ్యకు మూడు రెట్లలోంచి 4 తీసేస్తే 20 వస్తుంది" లాంటి లెక్క వేసినప్పుడు 3x − 4 = 20 అనేది ఎలా వచ్చిందో చెప్తోందా, లేక ఈక్వేషన్ దానంతటదే రాసేసుకుని x = 8 అని పడేస్తోందా చూడండి. పిల్లలకి కష్టం ఎప్పుడూ ఆ మొదటి లైన్ రాయడం దగ్గరే, తర్వాతది వాళ్లకి వచ్చు.

మా ఇంట్లో ఒకటే రూల్ పెట్టాం, నోట్‌బుక్‌లో సొంతంగా కనీసం రెండు లైన్లు రాశాకే ఫోన్ ఇస్తాం. హోంవర్క్ అంతా కరెక్టుగా వచ్చి పరీక్షలో మార్కులు మాత్రం రాకపోతే ఆ యాప్‌లోంచి దింపుతున్నారని అర్థం, ఆ సంగతి నెలలో తెలిసిపోతుంది.

డెమో బుక్ చేసేటప్పుడు

మూడు చోట్ల చాలు. ఐదారు చోట్ల బుక్ చేస్తే పిల్లలు అలిసిపోతారు, నాలుగో డెమోకి వచ్చేసరికి ఆ టాపిక్ వాళ్లకి ఎలాగూ వచ్చేసి ఉంటుంది కాబట్టి పోలిక కూడా తప్పుతుంది. మేము మూడు రకాలు తీసుకున్నాం. ఒకటి పెద్ద కంపెనీ గ్రూప్ క్లాస్, ఒకటి వన్ టు వన్ సైట్, ఇంకొకటి టీచర్లు వాళ్ల ప్రొఫైల్ వాళ్లే పెట్టుకునే లిస్టింగ్ సైట్‌లో దొరికిన ఒక తెలుగు మేడమ్. ఈ మూడూ ఒకే వారంలో, రోజు విడిచి రోజు.

బుక్ చేసేటప్పుడు ఫోన్ నంబర్ తప్పనిసరి అడుగుతారు. మీ ఇంట్లో ఎక్కువ వాడని నంబర్ ఉంటే అది ఇవ్వండి, పిల్లల నంబర్ మాత్రం ఇవ్వకండి. టైమ్ కూడా మీకు నిజంగా క్లాసు జరగబోయే టైమే అడగండి. మాకు సాయంత్రం ఏడు గంటలు కావాలి, ఆదివారం ఉదయం పది గంటల డెమోలో హుషారుగా ఉండే పిల్ల సోమవారం ఏడింటికి స్కూలు, బస్సు, హోంవర్క్ అయ్యాక ఎలా ఉంటుందో అదే మనకి తెలియాలి. పైగా ఏడు గంటలకి వాళ్ల దగ్గర టీచర్ ఉన్నారో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఇక్కడే అడగాలి: "డెమో ఎవరు చెప్తారో వాళ్లే రోజూ చెప్తారా?" చాలా చోట్ల డెమోకి వేరే టీచర్లు ఉంటారు, వాళ్ల పని డెమోలే. ఫోన్‌లో అడిగితే "అందరూ ట్రెయిన్డ్ టీచర్సే మేడమ్" అంటారు, అది జవాబు కాదు. అవునా కాదా అని మళ్లీ అడగండి, జవాబు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి.

టాపిక్ వాళ్లకి వదిలేయకండి. వదిలేస్తే రంగురంగుల స్లైడ్లున్న, పిల్లలకి తేలిగ్గా వచ్చే టాపిక్ తీస్తారు, పిల్ల అన్నీ చెప్పేస్తుంది, మీ పాప చాలా షార్ప్ అంటారు, మనకి సంతోషం వేస్తుంది, దాంతో అక్కడే పడిపోతాం. మేము మూడు చోట్లా ఒకటే చెప్పాం, "సింపుల్ ఈక్వేషన్స్‌లో తప్పులు చేస్తోంది, తను చేసిన లెక్క తనే చూపిస్తుంది, దాని మీదే చెప్పండి". ఆ x = 9 ఉన్న పేజీ అలాగే ఉంచాం, దిద్దలేదు. పాపకి కూడా ముందే చెప్పాం, ఇది నీకు పరీక్ష కాదు, వాళ్లు ఎలా చెప్తారో మనం చూస్తున్నాం, నువ్వు ఎప్పటిలాగే చెయ్యి అని.

డెమో జరుగుతుంటే ఏం చూడాలి

నేను కెమెరాలో పడకుండా పక్కన కూర్చుని ఒక కాగితం మీద గీతలు గీశాను. పాప ఒక వాక్యం మాట్లాడినా, తనంతట తాను ఒక లైన్ రాసినా ఒక గీత. ఇంతకుమించి ఏమీ రాయక్కర్లేదు, దీంతోనే చాలా తెలుస్తుంది.

మొదటి చోట, గ్రూప్ క్లాస్ కంపెనీలో, టీచర్ ఆ పేజీ చూసి "నో ప్రాబ్లమ్ బేటా, ఇక్కడ త్రీ మల్టిప్లైలో ఉంది, అటు వెళ్తే డివైడ్ అవుతుంది" అని 12 / 3 = 4 రాసి చూపించి, త్రాసు బొమ్మ యానిమేషన్ వేశారు. యానిమేషన్ బాగుంది, అబద్ధం చెప్పను. కానీ 35 నిమిషాల్లో నా కాగితం మీద ఆరు గీతలే, వాటిలో నాలుగు "యెస్ మేడమ్". తర్వాత 20 నిమిషాలు ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్ మాట్లాడారు.

రెండో చోట, వన్ టు వన్ సైట్‌లో, వేరే రాష్ట్రం సర్, ఇంగ్లీషులోనే చెప్పారు. ఆయన పేజీ చూసి తప్పు అనలేదు. "సరే, x తొమ్మిది అన్నావు, మొదటి లైన్‌లో x తీసేసి తొమ్మిది పెట్టు, ఎంత వస్తుంది?" అన్నారు. పాప రాసింది, 3 × 9 = 27. కాసేపు చూసి "కానీ 12 రావాలి" అంది. "మరి ఏమై ఉంటుంది?" అని ఆగిపోయారు. నేను లెక్కపెట్టాను, దాదాపు 20 సెకన్లు ఆయనేం మాట్లాడలేదు. ఆ 20 సెకన్లలో పాప పెన్సిల్ తీసి మూడు డబ్బాలు గీసి, మూడిట్లో కలిపి 12 అని రాసి, ఒక్కోదాంట్లో నాలుగు అంది. ఆ తర్వాతే ఆయన రెండు పక్కలా మూడుతో భాగించడం గురించి చెప్పారు. గీతలు 31.

తప్పుని వెంటనే దిద్దేవాళ్లకి, తప్పు ఎక్కడుందో పిల్లలతోనే పట్టించేవాళ్లకి తేడా ఇదే. జవాబు ఎలా సరిచూసుకోవాలో తెలిస్తే పరీక్షలో పక్కన టీచర్ లేకపోయినా వాళ్లే పట్టుకుంటారు. మీరు సబ్జెక్టులో వీక్ అయినా పర్లేదు, ఈ ఒక్కటి చూడగలరు: టీచర్ "ఎందుకు ఇలా చేశావు" అని అడిగారా, అడిగాక ఆగారా.

మూడో చోట తెలుగు మేడమ్, ఆవిడ కూడా ఎందుకలా చేశావని అడిగారు, పాప తెలుగులోనే "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని చెప్పేసింది, ఇంగ్లీషు సర్ దగ్గర ఈ మాట అనలేకపోయింది. ఆవిడకి తప్పు మూలం ఐదు నిమిషాల్లో దొరికింది. కాకపోతే కొంచెం ఎక్కువ తనే మాట్లాడేశారు, గీతలు 19. భాష విషయం చిన్నది కాదండి. ఇంగ్లీష్ మీడియం పిల్లలైనా తికమక పడినప్పుడు ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పగలరు, ఆ తికమక బయటికి వస్తేనే టీచర్‌కి పని జరుగుతుంది.

డెమో అయిపోగానే "బాగుందా?" అని పిల్లల్ని అడగకండి, బాగుందనే అంటారు. మర్నాడు సాయంత్రం మూడు కొత్త లెక్కలు ఇవ్వండి, అదే రకంవి, అంకెలు మార్చి. నేను ప్రతిసారీ ఒకటి 5x = 30 లాంటిది, ఒకటి x/4 = 6 లాంటిది, ఒకటి 2x + 5 = 17 లాంటిది ఇచ్చాను. x/4 ఎందుకంటే "గుణిస్తే భాగించు" అని బట్టీ పట్టిన పిల్లలు అక్కడ దొరికిపోతారు. మొదటి డెమో మర్నాడు మూడింటిలో ఒకటి కరెక్ట్, x/4 = 6 దగ్గర x = 6/4 అని రాసి ఆగిపోయింది. రెండో డెమో మర్నాడు మూడుకి మూడు, పైగా చివర జవాబు పెట్టి సరిచూసుకుంది, ఎవరూ చెప్పకుండానే. మూడో డెమో తర్వాత కూడా మూడే కానీ అప్పటికి రెండో డెమో ప్రభావం ఉంటుంది కదా, అందుకని దానికి అంత విలువ ఇవ్వలేదు, బదులుగా ఆవిడ చెప్పింది నానమ్మకి చెప్పమన్నాం. రెండు నిమిషాల్లో, నానమ్మ సంచిలో ఉల్లిపాయలు పెట్టి మరీ చెప్పింది. వీలైతే మీరు ఒక్కో చోట వేరే వేరే తప్పు లెక్క ఇచ్చి చూడండి, ఈ చిక్కు ఉండదు.

సిలబస్ కూడా ఒక ప్రశ్నతో తేల్చేయండి. ఎన్‌సీఈఆర్‌టీ 2025లో ఏడో క్లాస్‌కి గణిత ప్రకాశ్ అనే కొత్త మ్యాథ్స్ పుస్తకం తెచ్చింది, చాప్టర్ల పేర్లు, వరస మారిపోయాయి. మీ పిల్లల పుస్తకంలో ఇప్పుడు జరుగుతున్న చాప్టర్ తీసి "ఇది మీ దగ్గర ఎక్కడుంది" అని అడగండి. పాత పుస్తకం వరసలోనే పోతున్న సైట్ అయితే స్కూల్లో ఒకటి, ఇక్కడ ఒకటి అవుతుంది. స్టేట్ సిలబస్ వాళ్లు ఇంకా గట్టిగా అడగాలి, దేశం మొత్తానికి నడిచే సైట్లు చాలావరకు సీబీఎస్ఈ పెట్టుకునే చెప్తాయి.

"వెరిఫైడ్ టీచర్" అంటే ఏంటని అడగండి

మన దేశంలో ప్రైవేటుగా ట్యూషన్ చెప్పే టీచర్‌కి దేశమంతటికీ వర్తించే లైసెన్స్ అంటూ లేదు. బీఈడీ, టెట్ లాంటివి స్కూలు టీచర్ ఉద్యోగాల కోసం. కాబట్టి సైట్‌లో టీచర్ ఫోటో పక్కన ఆకుపచ్చ టిక్ ఉంటే దానికి అర్థం ఆ సైట్ ఇచ్చుకున్న అర్థమే. కొన్నిచోట్ల ఓటీపీతో ఫోన్ నంబర్, ఒక ఐడీ కార్డు చూశారంటే టిక్ వచ్చేస్తుంది. కొన్నిచోట్ల నిజంగానే పరీక్ష, ఇంటర్వ్యూ, చెప్పించి చూడడం, పాత ఉద్యోగం గురించి కనుక్కోవడం అన్నీ ఉంటాయి. బయటికి రెండిటికీ ఒకటే టిక్.

అందుకని కౌన్సెలర్‌ని విడివిడిగా అడగండి. ఐడీ ఎవరు చూశారు, డిగ్రీ సర్టిఫికెట్ చూశారా, సబ్జెక్టులో పరీక్ష పెట్టారా, పోలీస్ వెరిఫికేషన్ చేయించారా లేక టీచరే నా మీద కేసుల్లేవని సంతకం పెట్టి ఇచ్చారా. ఈ చివరి రెండిటికీ చాలా తేడా ఉంది, ఫోన్‌లో మాత్రం రెండిటినీ "బ్యాక్‌గ్రౌండ్ చెక్" అనే అంటారు. మొదటి కంపెనీలో ఈ ప్రశ్నలకి "టాప్ వన్ పర్సెంట్ టీచర్స్ మేడమ్" అన్నారు, దేంట్లో టాప్ అంటే చెప్పలేకపోయారు. వన్ టు వన్ సైట్ వాళ్లు మెయిల్‌లో వివరంగా పంపారు, క్లాసులన్నీ రికార్డ్ అవుతాయి, తల్లిదండ్రులు చూడొచ్చు, టీచర్‌కి పిల్లల నంబర్ కనబడదు అని కూడా రాశారు. ఇలా రాసి ఇచ్చేవాళ్లకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

లిస్టింగ్ సైట్‌లో దొరికిన టీచర్ అయితే చెక్ చేసే పని మొత్తం మనదే. మేము ఆ మేడమ్‌ని వీడియో కాల్‌లో ఐడీ చూపించమన్నాం, డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లు చూశాం, ఇప్పుడు చెప్పించుకుంటున్న ఇద్దరు తల్లుల నంబర్లు అడిగి ఇద్దరితోనూ మాట్లాడాం. అలా మాట్లాడినప్పుడు "బాగా చెప్తారా" అని కాకుండా "క్లాసు ఎన్నిసార్లు క్యాన్సిల్ అయ్యింది, మీ పిల్లలతో క్లాసు బయట మెసేజ్‌లు పెడతారా, మీరు పక్కన ఉంటే ఇబ్బంది పడతారా" అని అడగండి, అప్పుడు నిజమైన మాటలొస్తాయి. ఒకావిడ చెప్పారు, నెలకి ఒకటి రెండు క్యాన్సిల్ అవుతాయి కానీ అదే వారంలో పెట్టేస్తారని, అది మాకు నచ్చింది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ రాష్ట్ర పోలీసుల దగ్గర తీసుకోవచ్చు, అడగడానికి మొహమాటపడకండి, పిల్లలతో పనిచేసేవాళ్లు అర్థం చేసుకుంటారు. కాకపోతే అందులో తెలిసేది పోలీసు రికార్డుల్లో ఉన్నదే, రికార్డుకి ఎక్కనిది అందులో ఉండదు.

కాబట్టి ఎంత చెక్ చేసినా ఇంట్లో పద్ధతి ముఖ్యం. క్లాసు హాల్లోనే, తలుపు వేసుకుని గదిలో కాదు. ఇయర్‌ఫోన్ వద్దు, మాట మనకి వినబడాలి. పిల్లల ఫోన్ నంబర్, ఇన్‌స్టా ఏదీ టీచర్‌కి వద్దు, మెసేజ్‌లన్నీ అమ్మా నాన్న ఉన్న గ్రూప్‌లోనే. క్లాసు టైమ్ బయట విడిగా కాల్ చేయడం, "ఇది ఇంట్లో చెప్పకు" అనడం, ఫోటోలు అడగడం, ఇలాంటిది ఒక్కసారి జరిగినా అక్కడితో ఆపేసి మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, ఆన్‌లైన్ ఫిర్యాదు cybercrime.gov.in లో ఇవ్వొచ్చు. పిల్లలకి ఈ మాటలు ముందే, మామూలు గొంతుతో, భయపెట్టకుండా చెప్పి ఉంచండి.

డబ్బు లెక్క క్లాసుకి ఎంతో తేల్చండి

వన్ టు వన్ సైట్ వాళ్లు ఏడాదికి 96 క్లాసులు, 57,600 అన్నారు. అంటే క్లాసుకి 600. ఇది వాళ్ల లెక్క. నేను అడిగాను, జీఎస్టీ కలిపా? కాదన్నారు, 18 శాతం వేస్తే 67,968. మానేసిన క్లాసులు ఏడాది దాటాక వాడుకోవచ్చా? లేదన్నారు. ఇప్పుడు క్యాలెండర్ తీసుకుని నిజంగా ఎన్ని జరుగుతాయో చూసుకున్నాం. రెండు టర్మ్ పరీక్షలు, దసరా, సంక్రాంతి, ఊళ్లో పెళ్లిళ్లు, జ్వరాలు తీసేస్తే 75 వచ్చింది. అప్పుడు క్లాసుకి 906 రూపాయలు పైనే. తెలుగు మేడమ్ క్లాసుకి 450, జరిగిన క్లాసులకే, నెలాఖరుకి. మీరు కూడా మొత్తం అంకెని ప్యాకేజీలో ఉన్న క్లాసులతో కాదు, మీ ఇంట్లో జరగబోయే క్లాసులతో భాగించండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే చాలాసార్లు అది మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోను. ఆ డబ్బు ట్యూషన్ కంపెనీకి ముందే వెళ్లిపోతుంది, మీరు క్లాసులు ఆపినా లోను ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. మా బాబు విషయంలో జరిగిందదే. సంతకం పెట్టేముందు లోను వడ్డీ, ఖర్చులు, షరతులు రాసి ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి, డిజిటల్ లోన్లకి అది ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్, ఎన్ని రోజుల్లోపు లోను వద్దనుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ కూడా 2021 డిసెంబరులో ఎడ్‌టెక్ కంపెనీల గురించి తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక ఇచ్చింది, అందులో ఉన్నవి కూడా ఇవే, ఆటో డెబిట్‌కి ఒప్పుకోకండి, మీకు తెలియకుండా లోను పెడుతున్నారేమో చూసుకోండి, ఇన్‌వాయిస్ అడిగి తీసుకోండి అని.

డెమో తర్వాత "ఈ డిస్కౌంట్ ఈ రాత్రి పన్నెండింటిదాకే" అంటారు. మాకు అలా చెప్పిన కంపెనీ నాలుగో రోజు ఫోన్ చేసి ఇంకో ఐదు వేలు తగ్గించింది. వాళ్లకి చెప్పాల్సింది ఒక్క మాట, "ఇంట్లో మాట్లాడుకుని ఆదివారం చెప్తాం". ఆ ఫోన్‌లో పిల్లల్ని కూర్చోబెట్టకండి, పిల్ల ముందు "మీ పాప భవిష్యత్తు" అని మొదలుపెడితే కాదనడం కష్టం.

ఏ సైట్‌లోనైనా నెలవారీగా కట్టే వీలుంటే అదే తీసుకోండి, క్లాసు ఒక్కింటికి కొంచెం ఎక్కువైనా సరే. యూపీఐ ఆటోపే పెట్టాల్సి వస్తే ఆపాలనుకున్నప్పుడు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అన్నచోట క్యాన్సిల్ చేయండి, ట్యూషన్ యాప్ డిలీట్ చేస్తే మ్యాండేట్ పోదు. రీఫండ్ విషయంలో తిప్పుతుంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి, అప్పుడు ఆ వాట్సాప్‌లో రాయించుకున్న మాటలన్నీ పనికొస్తాయి.

చివరికి మేము ఏం చేశాం

మా మనసు ఆ వన్ టు వన్ సర్ మీదే ఉంది. ఆయనే రోజూ చెప్తారా అంటే ఏడు గంటల స్లాట్ ఆయనకి లేదని, వేరే మేడమ్‌ని ఇస్తామని మెయిల్ వచ్చింది. సరే, ఆ మేడమ్‌తోనే ఇంకో డెమో ఇవ్వమన్నాం, ఇచ్చారు. ఈసారి పాప భిన్నాల లెక్కల్లో తప్పు పట్టుకెళ్లింది, 1/2 + 1/3 = 2/5 అని రాసిన పేజీ. ఆ మేడమ్ "ఎల్‌సీఎం తీసుకోవాలి" అని ఆరు రాసి పూర్తి చేసి తర్వాత లెక్కకి వెళ్లిపోయారు. సగం రొట్టెకి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అయ్యిందని అడగలేదు. గీతలు ఎనిమిది. ఆ రెండో డెమో అడగకపోయి ఉంటే మళ్లీ పాత కథే అయ్యేది. కాబట్టి మొదటి డెమో ఎంత నచ్చినా, రోజూ చెప్పబోయే మనిషితో ఇంకో డెమో అయ్యేదాకా డబ్బు కట్టకండి.

తెలుగు మేడమ్ దగ్గర చేర్చాం, వారానికి రెండు క్లాసులు, ముందు ఒక నెలకి. ఆవిడకి ఒక్కటే చెప్పాం, మీరు కొంచెం ఎక్కువ చెప్పేస్తున్నారు, పాపతో చెప్పించండి అని, ఆవిడ ఏమీ అనుకోలేదు. నెల తర్వాత మళ్లీ రెండు వారాల నోట్‌బుక్ ముందు పెట్టుకుని అదే పెన్సిల్‌తో కూర్చున్నాను. ఈసారి 11 తప్పులు, ఈక్వేషన్స్ పద్ధతి తప్పు రెండే, మిగతావి ఎక్కువగా భిన్నాలవి. ఆ పేజీలు ఫోటో తీసి మేడమ్‌కి పంపాను, ఇప్పుడు వారంలో ఒక క్లాసు భిన్నాల మీదే నడుస్తోంది.